సొంత భవనం అమ్మి అందులోనే అద్దెకుంటే: లాభం ఎంత వేసుకోవాలి, లీజ్ లయబిలిటీ ఎంత చూపాలి

మార్చి వచ్చిందంటే చాలు, బెంగళూరులో అకౌంట్స్ ఉద్యోగాలు చేసే మనవాళ్ల నుంచి నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "అన్నా, మా కంపెనీ సొంత బిల్డింగ్ అమ్మేసింది. కానీ ఖాళీ చేయట్లేదు, అందులోనే అద్దెకు ఉంటున్నాం. వచ్చిన లాభమంతా ఈ ఏడాదే వేసుకోవచ్చా?"

అంతా వేసుకోకూడదు. ఎందుకో ఒక్క ముక్కలో చెప్తాను. ఊళ్లో పొలం అమ్మి, అదే పొలాన్ని ఐదేళ్లు కౌలుకు చేసుకునే రైతును చూసే ఉంటారు. కాగితం మీద పొలం చేతులు మారింది. కానీ ఆ ఐదేళ్ల సాగు హక్కు అతని చేయి దాటి పోనే లేదు. అతను నిజంగా అమ్మింది ఆ తర్వాతి హక్కులనే. లాభం కూడా అంతవరకే అతనిది. ఇండ్ ఏఎస్ 116 చెప్పేదీ ఇదే. థియరీ ఇంతకంటే అక్కర్లేదు, లెక్కలోకి వెళ్దాం.

ముందు ఒక హెచ్చరిక. ఇది ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీలకే. మీ కంపెనీ ఇంకా పాత ఏఎస్ 19 కిందే ఉంటే నియమాలు వేరు. అక్కడ ఆపరేటింగ్ లీజ్ అయి, ధర ఫెయిర్ వాల్యూకు సరిపోతే లాభం మొత్తం వెంటనే వస్తుంది. ఏది వర్తిస్తుందో తేల్చుకోకుండా ఎక్సెల్ తెరవకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రిజిస్టర్ అయిన సేల్ డీడ్, లీజ్ డీడ్. ఒప్పందపు డ్రాఫ్ట్ కాదు, సంతకాలైన కాపీలు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఐదేళ్ల లీజ్ డీడ్ రిజిస్టర్ అయిందో లేదో ఇప్పుడే చూసుకోండి.
- అమ్మిన రోజుకు భవనం బుక్ వాల్యూ. మార్చి 31 నాటిది కాదు. అమ్మకం తేదీ వరకు తరుగుదల తీసేశాక మిగిలినది.
- రిజిస్టర్డ్ వాల్యుయర్ ఇచ్చిన ఫెయిర్ వాల్యూ రిపోర్టు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గైడెన్స్ వాల్యూ ఇందుకు పనికిరాదు. అది స్టాంప్ డ్యూటీ కోసం పెట్టిన ధర, మీ బిల్డింగ్ మార్కెట్ ధర కాదు.
- మీ కంపెనీ ఇంక్రిమెంటల్ బారోయింగ్ రేటు, అంటే ఇంత కాలానికి, ఇలాంటి తాకట్టుతో ఇంత మొత్తం అప్పు తీసుకుంటే బ్యాంకు వేసే వడ్డీ. ఈ మధ్య వచ్చిన టర్మ్ లోన్ శాంక్షన్ లెటర్ మంచి ఆధారం.

ఉదాహరణగా వైట్‌ఫీల్డ్ వైపు ఒక నాలుగంతస్తుల ఆఫీసు భవనం, దాని స్థలం తీసుకుందాం. అంకెలు నేను కల్పించినవే, అన్నీ లక్షల రూపాయల్లో. బుక్ వాల్యూ 2,200. ఫెయిర్ వాల్యూ 4,000. అమ్మిన ధర కూడా 4,000. అదే రోజు నుంచి ఐదేళ్ల లీజు, ఏడాదికి 320 అద్దె, ప్రతి ఏడాది చివర కట్టాలి. వడ్డీ రేటు 9 శాతం. డిపాజిట్ లేదు, అద్దె పెంపు లేదు. బెంగళూరులో ఇలాంటి లీజు దొరకదని నాకూ తెలుసు. ముందు సులువు లెక్క చేతికి రానివ్వండి.

1. ఇది నిజంగా అమ్మకమేనా, తేల్చండి

కొన్నవారికి భవనం మీద కంట్రోల్ వెళ్లిందా అన్నదే ప్రశ్న. దీన్ని ఇండ్ ఏఎస్ 115 ప్రకారం చూడాలి. సేల్ డీడ్, లీజ్ డీడ్, సైడ్ లెటర్లు అన్నీ చదవండి. నేనైతే సైడ్ లెటరే ముందు చదువుతాను. అసలు సంగతి సాధారణంగా అందులోనే ఉంటుంది.

వెతకాల్సింది ఒకటే మాట: తిరిగి కొనే హక్కు. ఐదేళ్ల తర్వాత మీరు కావాలనుకుంటే భవనాన్ని వెనక్కి కొనుక్కోవచ్చని రాసుంటే అది అమ్మకం కాదు. "అప్పటి మార్కెట్ ధరకే కదా కొంటాం" అని చాలామంది వాదిస్తారు. ఆ వాదన ఇక్కడ నిలవదు. ఆ హక్కు మీ దగ్గర ఉన్నంత కాలం కొన్నవారు దాన్ని తమ ఇష్టానికి వాడుకోలేరు. ఇంకొకరికి అమ్మేటప్పుడు ముందు మిమ్మల్ని అడగాలని మాత్రమే ఉంటే అది వేరు సంగతి. అమ్మాలా వద్దా అన్నది వాళ్ల చేతుల్లోనే ఉంది కాబట్టి ఒక్క ఆ షరతుతో అమ్మకం చెడదు.

అమ్మకం కాదని తేలితే ఈ వ్యాసం మీకు ఇక్కడితో ఆగిపోతుంది. భవనం మీ పుస్తకాల్లోనే ఉంటుంది, తరుగుదల మామూలుగానే నడుస్తుంది, వచ్చిన 4,000 మొత్తం ఇండ్ ఏఎస్ 109 కింద అప్పుగా చూపాలి. లాభం సున్నా.

తేదీ విషయంలో ఒక మాట. ఒక కంపెనీలో మార్చి 29న సేల్ అగ్రిమెంట్ రాసుకుని, అడ్వాన్స్ అందుకుని, లాభం ఆ ఏడాదే వేసేశారు. సేల్ డీడ్ రిజిస్టరైంది ఏప్రిల్ రెండో వారంలో. ఆడిట్‌లో వచ్చిన సీనియర్ ఏమీ అనలేదు. సేల్ డీడ్ మీది రిజిస్ట్రేషన్ తేదీ చుట్టూ పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టి, కాగితాన్ని ఫైనాన్స్ హెడ్ వైపు తిప్పి పెట్టాడు. లాభమంతా మరుసటి ఏడాదికి వెళ్లిపోయింది. అడ్వాన్స్ అందితే అడ్వాన్సే, అమ్మకం కాదు.

2. లీజు కాలం ఖరారు చేయండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చెప్తాను. లీజ్ డీడ్‌లో మామూలుగా మూడు అంకెలు కనిపిస్తాయి: లాకిన్ మూడేళ్లు, లీజు ఐదేళ్లు, ఆపైన మీ ఇష్టం మీద ఇంకో ఐదేళ్ల పొడిగింపు. లెక్కకు ఏది తీసుకోవాలి?

లాకిన్ తర్వాత ఎప్పుడైనా వెళ్లిపోయే హక్కు మీకుంటే, మూడేళ్ల తర్వాత మీరు వెళ్లిపోతారా లేదా అన్నది చూడాలి. పొడిగింపు హక్కు ఉంటే, దాన్ని వాడుకోవడం దాదాపు ఖాయమా అన్నది చూడాలి. భవనంలో మీ సర్వర్ రూమ్ ఉంది, నిరుడే కోట్లు పెట్టి ఇంటీరియర్ చేయించారు, ఉద్యోగులంతా ఆ చుట్టుపక్కలే ఇళ్లు తీసుకున్నారు. అలాంటప్పుడు "ఐదేళ్లకే ఖాళీ చేస్తాం" అంటే నమ్మేదెవరు?

ఈ నిర్ణయం లాభాన్ని ఎంత మారుస్తుందో చూడండి. మన ఉదాహరణలో ఐదేళ్లయితే లాభం 1,239.89 లక్షలు వస్తుంది (లెక్క కింద ఉంది). అదే అద్దెతో పదేళ్లయితే 875.86కు పడిపోతుంది. ఒకే భవనం, ఒకే ధర, కానీ మూడున్నర కోట్లకు పైగా తేడా. అందుకే పైనుంచి "ఐదేళ్లే వేయండి" అనే ఒత్తిడి వస్తుంది. మీరు మాత్రం కారణాలు రాసి, తేదీ వేసి, ఫైల్లో పెట్టండి. ఏ కాలం తీసుకున్నా సరే, ఎందుకు తీసుకున్నారో ఆ రోజే రాసి ఉండాలి.

3. అద్దెల ప్రెజెంట్ వాల్యూ కట్టండి

ఎక్సెల్లో ఒక్క లైను:

```
=PV(9%,5,-320)
```

జవాబు 1,244.69. ఇదే మన లీజ్ లయబిలిటీ.

అద్దెలో జీఎస్‌టీ కలపకండి. ఇది చెప్పే అర్హత నాకుంది, ఎందుకంటే మొదటిసారి చేసినప్పుడు నేనే కలిపేశాను. ఇన్వాయిస్ నమూనాలో కనిపించిన మొత్తాన్ని అలాగే షీట్‌లోకి ఎక్కించాను. ఈ అంకెలతో చెప్పాలంటే 320 బదులు 18 శాతం జీఎస్‌టీతో 377.60 వేసినట్టు. లయబిలిటీ ఉబ్బిపోయి, లాభం కోటి రూపాయలు తగ్గిపోతుంది. ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి వచ్చే పన్ను మీకు అద్దె ఖర్చే కాదు. కరెంటు, సెక్యూరిటీ, లిఫ్ట్ మెయింటెనెన్స్ లాంటి సేవల చార్జీలు అద్దెలో కలిసి ఉన్నా వాటిని విడదీయడమే సరైన పద్ధతి.

రేటు విషయంలో క్యాష్ క్రెడిట్ వడ్డీ గానీ, కంపెనీ మొత్తం క్యాపిటల్ కాస్ట్ గానీ వాడకండి. రేటు పెరిగితే లయబిలిటీ తగ్గి లాభం పెరుగుతుంది. 9 బదులు 11 వేస్తే లాభం దాదాపు 28 లక్షలు పెరుగుతుంది. ఎక్కువ రేటు కనిపిస్తే ఆడిటర్ ఆగి చూసేది అందుకే.

అద్దె నెలనెలా ముందుగా కట్టేదైతే, మనకు ఎక్కువగా ఎదురయ్యేది అదే కాబట్టి, ఇలా వేయండి:

```
=PV((1+9%)^(1/12)-1,60,-320/12,0,1)
```

చివరి 1 అంటే చెల్లింపు నెల మొదట్లో అని. జవాబు సుమారు 1,304.6 వస్తుంది, ఏడాది చివర కట్టే లెక్క కంటే 60 లక్షలు ఎక్కువ. ఇందులో చిన్న మెలిక ఉంది. మొదటి నెల అద్దె సంతకాల రోజే కట్టేస్తారు కదా, అది లయబిలిటీగా మిగలదు. కానీ కింద చెప్పే వాటా లెక్కలో అది కూడా ఉండాలి. ఏటా పెరిగే అద్దెయితే ఒకే లైను ఫార్ములా కుదరదు. నెలవారీ వరసలు వేసి ఒక్కోదాన్నీ డిస్కౌంట్ చేయండి.

4. వాటా తీయండి, లాభాన్ని విడగొట్టండి

మీరు ఉంచుకున్న హక్కు భవనంలో ఎంత భాగం? లీజ్ లయబిలిటీని ఫెయిర్ వాల్యూతో భాగించాలి.

1,244.69 ÷ 4,000 = 31.117 శాతం.

అంటే భవనం విలువలో 31 శాతం పైచిలుకు ఇంకా మీ దగ్గరే ఉంది. ఈ వాటాను రెండు చోట్ల వాడాలి.

మొదటిది, రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి. పాత బుక్ వాల్యూలో అదే వాటా: 2,200లో 31.117 శాతం, అంటే 684.58. మామూలు లీజులో ఈ ఆస్తి లయబిలిటీకి దాదాపు సమానంగా ఉంటుంది. ఆ అలవాటుతో ఇక్కడ కూడా 1,244.69 వేసేస్తారు. నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించేది ఇదే. అలా వేస్తే అమ్మని భాగం విలువను కూడా పెంచుకున్నట్టవుతుంది. లాభమంతా మళ్లీ దొడ్డిదారిన లోపలికి వచ్చేస్తుంది.

రెండోది, లాభం. మొత్తం లాభం 4,000 లోంచి 2,200 తీస్తే 1,800. అందులో 31.117 శాతం, అంటే 560.11, మీరు ఉంచుకున్న హక్కుది. అది ఇప్పుడు రాదు. మిగిలిన 1,239.89 మాత్రమే ఈ ఏడాది లాభం.

ఎంట్రీ ఇలా ఉంటుంది:

- డెబిట్ బ్యాంకు 4,000.00
- డెబిట్ రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి 684.58
- క్రెడిట్ భవనం, స్థలం 2,200.00
- క్రెడిట్ లీజ్ లయబిలిటీ 1,244.69
- క్రెడిట్ అమ్మకంపై లాభం 1,239.89

రెండు వైపులా 4,684.58. కలిశాయి కదా అని సంతోషపడిపోకండి. రైట్ ఆఫ్ యూజ్‌ను తప్పుగా వేసినా, లాభాన్ని బ్యాలెన్సింగ్ ఫిగర్‌గా తీసుకుంటే ఎంట్రీ కలుస్తుంది. అందుకని లాభాన్ని ఎప్పుడూ విడిగా లెక్కకట్టండి. అప్పుడు ఇంకో పరీక్ష పెట్టండి: లయబిలిటీ లోంచి రైట్ ఆఫ్ యూజ్ తీస్తే ఎంత? 1,244.69 లోంచి 684.58 తీస్తే 560.11. ఇది ఆగిపోయిన లాభంతో పైసా తేడా లేకుండా సరిపోవాలి. ధర, అద్దె రెండూ మార్కెట్ ప్రకారం ఉన్నప్పుడు ఈ పరీక్ష ఎప్పుడూ పనిచేస్తుంది.

"ఆగిపోయిన 560.11ని ఏ ఖాతాలో పెట్టాలి?" అని అడుగుతారు. ఏ ఖాతాలోనూ పెట్టక్కర్లేదు. డిఫర్డ్ గెయిన్ అనే లెడ్జర్ ఈ పద్ధతిలో లేదు. రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి తక్కువ అంకెతో మొదలైంది కాబట్టి, ఏటా తరుగుదల తక్కువ పడుతుంది. ఆ రూపంలోనే ఆ లాభం నెమ్మదిగా మీకు చేరుతుంది.

స్థలం కూడా కలిపి అమ్మారు కదా, దానికి ఇప్పటిదాకా తరుగుదల లేదు. ఇకపై స్థలం వాడుకునే హక్కు కూడా ఐదేళ్లకే కాబట్టి రైట్ ఆఫ్ యూజ్ మొత్తానికీ తరుగుదల ఉంటుంది. "స్థలానికి డిప్రిసియేషన్ ఏంటి సార్" అని జూనియర్లు ఆశ్చర్యపోతే ఇది చెప్పండి.

5. ధర మార్కెట్‌కు సరిపోకపోతే సర్దండి

ఇప్పటిదాకా ధర, ఫెయిర్ వాల్యూ ఒకటే అనుకున్నాం. బయట అలా ఉండదు. కొనేవాళ్లు అంటారు: "మీకు 4,300 ఇస్తాం, కానీ అద్దె ఏడాదికి 397.13 కట్టాలి." బోర్డుకు ఈ ఆఫర్ తీపిగా ఉంటుంది. అమ్మకపు ధర మూడు కోట్లు పెరిగింది, లాభమూ అంత పెరుగుతుందని ఆశ.

పెరగదు. ఫెయిర్ వాల్యూ 4,000 ఉన్న భవనానికి ఎవరూ ఊరికే 4,300 ఇవ్వరు. ఆ అదనపు 300 వాళ్లు మీకు ఇచ్చిన అప్పు. అద్దెలో పెరిగిన 77.13 ఆ అప్పు వాయిదా. లెక్క ఇలా: 397.13 చొప్పున ఐదేళ్ల ప్రెజెంట్ వాల్యూ, పైసా రౌండింగ్ వదిలేస్తే, 1,544.69. అందులో 300 అప్పు తీసేస్తే 1,244.69. వాటా అదే 31.117 శాతం, రైట్ ఆఫ్ యూజ్ అదే 684.58, లాభం అదే 1,239.89. బ్యాంకులో 4,300 డెబిట్, ఫైనాన్షియల్ లయబిలిటీ 300 అదనపు క్రెడిట్. అంతే తేడా. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో కూడా ఆ 300ను అమ్మకపు రాబడిగా చూపకుండా ఫైనాన్సింగ్‌లో చూపండి.

వ్యతిరేకంగా 3,800కే అమ్మి, అద్దె తక్కువ చేయించుకున్నారనుకోండి. తగ్గిన 200 ముందే కట్టిన అద్దె. వాటా లెక్కలో లయబిలిటీకి దాన్ని కలపాలి. అప్పుడు కూడా లాభం 1,239.89 దగ్గరే నిలుస్తుంది. లయబిలిటీ మాత్రం 1,044.69 ఉంటుంది. పైన చెప్పిన 560.11 పరీక్ష చేసేటప్పుడు ఆ 200ను లయబిలిటీకి తిరిగి కలిపి చూడాలి.

తేడాను ధర వైపు నుంచి కొలవాలా, అద్దె వైపు నుంచి కొలవాలా? దేన్ని తేలిగ్గా నిర్ధారించగలరో దాని నుంచి. మీ వీధిలో అలాంటి ఆఫీసుల అద్దెలు నాలుగైదు చోట్ల దొరికి, అమ్మకాలు అరుదైతే అద్దె వైపే గట్టి ఆధారం. వాల్యుయర్ రిపోర్టు బలంగా ఉంటే ధర వైపు వెళ్లండి.

6. తర్వాతి ఏళ్ల పట్టిక వేయండి

| ఏడాది | మొదట్లో | వడ్డీ | అద్దె | చివర్లో |
|---|---|---|---|---|
| 1 | 1,244.69 | 112.02 | 320 | 1,036.71 |
| 2 | 1,036.71 | 93.30 | 320 | 810.01 |
| 3 | 810.01 | 72.90 | 320 | 562.92 |
| 4 | 562.92 | 50.66 | 320 | 293.58 |
| 5 | 293.58 | 26.42 | 320 | 0 |

చివరి గడి సున్నా కాకపోతే రేటో, కాలమో, చెల్లింపు తేదీనో ఎక్కడో తప్పింది. ఒకటి రెండు పైసలు రౌండింగ్ అయితే వదిలేయండి.

తరుగుదల ఏటా 684.58 ÷ 5, అంటే 136.92. మొదటి ఏడాది లాభనష్టాల ఖాతాలో వడ్డీతో కలిపి 248.94 ఖర్చు పడుతుంది. బ్యాంకు నుంచి పోయేది మాత్రం 320. అద్దె ఖర్చు అనే లైనే ఉండదు. ఎంఐఎస్‌లో ఎవరైనా అలవాటుగా 320 అద్దె కూడా వేశారంటే ఖర్చు రెండుసార్లు పడినట్టే. అకౌంట్స్ పేయబుల్ వాళ్లకు ఓనర్ ఇన్వాయిస్ వచ్చినప్పుడు ఏ లెడ్జర్‌లో పడుతుందో మొదటి నెలలోనే చూసుకోండి.

బ్యాలెన్స్ షీట్‌లో కరెంట్ భాగం అడిగితే 320 రాయకండి. మొదటి ఏడాది చివర 1,036.71 ఉంది, ఇంకో ఏడాదికి అది 810.01 అవుతుంది. తేడా 226.70 కరెంట్, మిగతాది నాన్ కరెంట్.

మొత్తం ఐదేళ్లకు ఒక పెద్ద పరీక్ష ఉంది. నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. మొదట వేసుకున్న లాభం 1,239.89 లోంచి ఐదేళ్ల తరుగుదల 684.58, ఐదేళ్ల వడ్డీ 355.31 తీసేయండి. 200 మిగులుతుంది. ఇప్పుడు స్టాండర్డ్ అంతా మర్చిపోయి వేళ్ల మీద లెక్కపెట్టండి: భవనం మీద లాభం 1,800, కట్టిన అద్దె 1,600, తేడా 200. ఎన్ని మలుపులు తిరిగినా చివరికి డబ్బు లెక్కకు చేరాలి. చేరకపోతే మీ షీట్‌లో లోపం ఉంది.

7. అద్దె అమ్మకాల శాతంగా ఉంటే ఇంకో మెట్టు

షోరూమ్‌లు, హోటళ్లు ఇలాంటి డీల్ ఎక్కువగా చేస్తాయి. స్థిరమైన అద్దె ఉండదు, నెల అమ్మకాల్లో ఇంత శాతం అని ఉంటుంది. మామూలు లీజులో ఇలాంటి అద్దె లయబిలిటీలోకి రాదు. దాన్ని పట్టుకుని కొందరు "లయబిలిటీ సున్నా, లాభం మొత్తం మాదే" అనేవారు. ఆ దారి మూసుకుపోయింది. ఇండ్ ఏఎస్ 116లో 102ఎ పేరా చేరింది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2024 సెప్టెంబరులో నోటిఫై చేసింది, 2024 ఏప్రిల్ 1న మొదలైన ఏడాది నుంచి అమల్లో ఉంది. వెనక్కి వెళ్లి కూడా వర్తిస్తుంది. కంపెనీ ఈ స్టాండర్డ్‌లోకి వచ్చిన తర్వాత చేసిన పాత డీల్స్‌ను కూడా తిరగేయాలి.

చేసే పద్ధతి చెప్తాను. మొదటి రోజున ఐదేళ్లకు ఎంత అద్దె కట్టాల్సి రావచ్చో అంచనా వేసి, దాని ఆధారంగా వాటా తీయండి. మన ఉదాహరణలో అంచనా వేసిన అద్దెల ప్రెజెంట్ వాల్యూ 1,244.69 వచ్చిందనుకుందాం. లయబిలిటీ అదే పెట్టండి. తర్వాత ఏటా సమానంగా 320 కట్టినట్టు పట్టిక నడపండి. నిజంగా కట్టింది 350 అయితే, 320తో లయబిలిటీని, దాని మీది వడ్డీని తీర్చినట్టు చూపి, మిగిలిన 30 ఆ ఏడాది ఖర్చుగా వేయండి. 290 మాత్రమే కట్టాల్సి వస్తే 30 ఆ ఏడాది లాభనష్టాల్లోకి క్రెడిట్. ఏడాదికోసారి లయబిలిటీని కొత్త అంచనాతో తిరగరాయకండి. అలా చేస్తే అమ్మని హక్కు మీద లాభం మళ్లీ తలెత్తుతుంది, 102ఎ వద్దన్నది దాన్నే. సమానంగా కాకుండా ఏడాది వారీ అంచనాలతో పట్టిక నడపడం ఇంకో మార్గం. ఏదైనా ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. నాకు సమానంగా వేసేదే నచ్చుతుంది, జూనియర్‌కు అప్పగించినా షీట్ చెడదు.

మధ్యలో సగం ఫ్లోర్లు ఖాళీ చేసి లీజు తగ్గించుకుంటే అది వేరు. ఆ తగ్గింపు మీద వచ్చే లాభనష్టాలను మామూలుగానే వేసుకోవచ్చు, 102ఎ దాన్ని ఆపదు.

పన్ను, డిపాజిట్: రెండు చిన్న విషయాలు

ఆదాయపు పన్నుకు ఈ 31 శాతం, 69 శాతం గొడవ తెలియదు. అక్కడ అమ్మకం మొత్తం ఒకేసారి అమ్మకమే. పుస్తకాల్లో ఆగిన 560.11 వల్ల డిఫర్డ్ ట్యాక్స్ ఆస్తి పుడుతుంది. ముందు ముందు పన్ను కట్టేంత లాభాలు వస్తాయన్న నమ్మకం ఉంటేనే దాన్ని చూపండి. దీన్ని మర్చిపోతే ఆ ఏడాది పన్ను శాతం వింతగా కనిపించి, ఆడిట్ కమిటీలో మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది.

డిపాజిట్ సంగతి: బెంగళూరులో ఓనర్లు కొన్ని నెలల అద్దె వడ్డీ లేకుండా పట్టుకుంటారు. లీజ్‌బ్యాక్‌లో దాన్ని అమ్మకపు డబ్బులోంచే మినహాయించి, మిగిలింది బ్యాంకులో వేస్తారు. బ్యాంకులో పడిన అంకెను అమ్మకపు ధర అనుకోకండి. ధర సేల్ డీడ్‌లో ఉన్నదే. పట్టుకున్నది మీకు రావాల్సిన డిపాజిట్. దాన్ని ప్రెజెంట్ వాల్యూకు తెచ్చి చూపాలి, తగ్గిన తేడా ముందే కట్టిన అద్దె కింద వాటా లెక్కలో చేరుతుంది.

ఆడిటర్‌కు ఇచ్చే ఫైల్లో నేను ఈ వరసలో పెడతాను: రెండు డీడ్‌లు, సైడ్ లెటర్ (లేకపోతే లేదని డైరెక్టర్ సంతకంతో ఒక కాగితం), వాల్యుయర్ రిపోర్టు, బ్యాంకు శాంక్షన్ లెటర్, లీజు కాలం మీద రాసుకున్న నోట్, ఎక్సెల్ షీట్ ప్రింటు. షీట్ చివర 560.11 పరీక్ష, 200 పరీక్ష రెండూ కనిపించేలా ఉంచండి. వచ్చే సీనియర్ మొదట వెతికేది వాటినే.